పగటి ఫొటోలో సంజ వెలుగు ఎక్కడ దాగి ఉంటుంది

పగలు తీసిన ఫొటోను సాయంకాలంగా మార్చమంటే చాలామంది ముందు నారింజ రంగు అందుకుంటారు. ఫొటో మొత్తం మీద వెచ్చటి రంగు పొర ఒకటి పరుస్తారు, ఎక్కడో దొరికిన సూర్యాస్తమయాన్ని ఆకాశంలో అతికిస్తారు, చివర్లో కాస్త చీకటి చేస్తారు. చూసినవాళ్ళు బాగుందనే అంటారు గానీ నమ్మరు. ఎందుకు నమ్మలేకపోతున్నారో వాళ్ళు కూడా చెప్పలేరు.

తేడా అసలు రంగులో లేదు, వెలుగు వచ్చే చోటులో ఉంది. పగలు వెలుగులో ఎక్కువ భాగం సూర్యుడనే ఒక చిన్న బిందువు నుంచి వస్తుంది. అందుకే నీడలకు కత్తితో కోసినట్టు అంచులుంటాయి. పొద్దు గుంకాక ఆ బిందువు పోతుంది, ఆకాశం మొత్తం ఒక పెద్ద దీపమవుతుంది. అప్పుడు చెట్టు కింద నీడ ఉంటుంది గానీ దానికి ఆకారం ఉండదు. మనుషుల కాళ్ళ దగ్గర, పడవ అడుగున, గోడ నేలను తాకే చోట మాత్రం మెత్తగా నలుపు కనిపిస్తుంది. ఫొటోకు ఎంత రంగు పూసినా ఇసుక మీద కొబ్బరి మట్ట నీడ ఈనెలతో సహా కనిపిస్తూ ఉంటే అది మధ్యాహ్నమే.

ఇక్కడే ఈ పనికి ఒక దారి దొరుకుతుంది. పగటి ఫొటోలో ఎండ పడని చోటు ఉంటుంది కదా, దానికి ఆ సమయంలో వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది? ఆకాశం నుంచే. అంటే సాయంకాలపు వెలుగు ఎలా ఉంటుందో చూపే నమూనా, పగటి ఫొటోలోని నీడలో ముందే ఉంది. బయటి నుంచి సంజను తెచ్చి అతికించడం కన్నా, ఫొటోలోని మిగతా భాగాలను ఆ నీడ స్థాయికి దించడం మేలైన పద్ధతి. దీపాలు, ఆకాశం రంగులు ఆ తర్వాతి సంగతి.

గోపాలపురం దిక్కులు

దీన్ని ఒక ఉదాహరణతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురానికి దగ్గర్లోని గోపాలపురం బీచ్. తెలుగు మాట్లాడే నోళియా మత్స్యకారుల పడవలు ఇసుక మీద వరసగా ఉంటాయి, వెనక సరుగుడు చెట్లు, సముద్రానికి ముఖం పెట్టిన లాడ్జీలు. బరంపురం స్టూడియోల్లో పెళ్ళికి ముందు తీసే ఫొటోలకు గానీ, లాడ్జి ప్రకటనలకు గానీ ఇది అలవాటైన చోటు. ఫొటో పగలు తీస్తారు, దాన్ని సాయంకాలంగా మార్చి ఇమ్మని అడుగుతారు.

ఇక్కడ జరిగే మొదటి పొరపాటు భూగోళానిది. సముద్రం మీద ఎర్రటి సూర్యుడు మునుగుతున్నట్టు అతికిస్తారు. గోపాలపురంలో తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయ దిక్కున ఉంటుంది. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, నేల వెనక అస్తమిస్తాడు. ఆ ఊరివాళ్ళకు ఈ అబద్ధం ఒక్క చూపులో దొరికిపోతుంది. సాయంకాలం ఇక్కడ సముద్రం వైపు చూస్తే కనిపించేది వేరే దృశ్యం. నీటి అంచున మసక నీలి పట్టీ ఒకటి, దాని పైన లేత గులాబీ పట్టీ. ఆ నీలి పట్టీ భూమి నీడే, వాతావరణం మీద పడి అలా కనిపిస్తుంది. కాబట్టి సముద్రం వెనకగా ఉన్న ఫొటోకు నారింజ రంగు అసలు అక్కర్లేదు. మసక నీలం, పైన కాస్త గులాబీ, అంతకంటే పైన బూడిద కలిసిన నీలం చాలు. ఈ మాట అన్ని ఊళ్ళకూ వర్తించదు. మహారాష్ట్ర సరిహద్దులో గడ్చిరోలి జిల్లా సిరొంచ ప్రాణహితకు తూర్పు గట్టున ఉంది కాబట్టి, అక్కడ నది మీద పొద్దు వాలడం నిజమే. పైగా గోపాలపురంతో పోలిస్తే సిరొంచ దాదాపు 5 డిగ్రీలు పడమరగా ఉంది. అదే గడియారంతో చూస్తే అక్కడ సూర్యుడు సుమారు 20 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు.

ఈ ఉదాహరణలో ఫొటో ఇలా ఉందనుకుందాం. డిసెంబర్ మూడో వారం, మధ్యాహ్నం మూడున్నర. లాడ్జి రెండంతస్తులది, లేత పసుపు గోడలు, కింద పొడవాటి వరండా, ముఖం ఆగ్నేయానికి. కెమెరా లాడ్జికి తూర్పుగా ఇసుక మీద నిలబడి పడమర వైపు చూస్తోంది. ఫ్రేములో కుడి వైపు లాడ్జి, ఎడమ వైపు ఇసుక, రెండు పడవలు, వాటి వెనక సరుగుడు తోపు. ముందు భాగంలో అల వెనక్కి పోయిన తడి ఇసుక.

ఆ సమయంలో సూర్యుడు నేలకు సుమారు 21 డిగ్రీల ఎత్తున, నైరుతి వైపు ఉంటాడు. అంటే లాడ్జి ముఖానికి కాస్త వెనక్కి జరిగి ఉంటాడు. ముందు గోడ, కెమెరా వైపున్న పక్క గోడ, రెండూ నీడలో ఉంటాయి. ఇదే ఈ ఫొటోకు దొరికిన అదృష్టం. అదే లాడ్జిని ఉదయం తొమ్మిదింటికి తీసి ఉంటే ఎండ ముఖం మీద నేరుగా పడేది. కిటికీల సన్‌షేడ్ల కింద, పిట్టగోడ కింద గట్టి నీడ గీతలు పడేవి. వాటిని ఒక్కొక్కటిగా చెరపడం కన్నా మళ్ళీ వెళ్ళి ఫొటో తీయడం తేలిక. ఏ ఫొటో మారుతుంది, ఏది మారదు అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది: అసలు విషయం నీడలో ఉండాలి, లేదా ఆ రోజు మబ్బు పట్టి ఉండాలి. నడినెత్తిన ఎండలో కళ్ళు చికిలించి నిలబడిన జంట ఫొటోను నమ్మకంగా సాయంకాలం చేయడం ఎవరి వల్లా కాదు. ముక్కు కింద పడిన నీడ, ముడుచుకున్న కనుబొమలు, రెండూ ఎండ గురించే చెబుతాయి.

డిసెంబర్‌లో గోపాలపురంలో సూర్యుడు ఐదుంబావు ప్రాంతంలో, నేరు పడమరకు 25 డిగ్రీలు దక్షిణంగా అస్తమిస్తాడు. కెమెరా పడమర చూస్తోంది కాబట్టి ఆ చోటు ఫ్రేములో ఎడమ వైపు, సరుగుడు తోపు వెనక వస్తుంది. సంజ కాంతి అంతా అక్కడి నుంచి మొదలవ్వాలి. దాన్ని లాడ్జి వెనక పెడితే అందంగా ఉండొచ్చు, కానీ అది జూన్ నెల సూర్యుడి చోటు.

ముందు ఎండను తీసేయాలి

ఫొటో రా ఫైల్‌గా, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచిన ఫైల్‌గా ఉంటే మంచిది. జేపెగ్ అయినా పని నడుస్తుంది గానీ, తర్వాత ఆకాశం దగ్గర ఇబ్బంది పెడుతుంది. ఏది అయినా ఫైల్‌ను 16 బిట్‌లోకి మార్చుకుని, ప్రతి మార్పునూ విడి లేయర్‌గా పెట్టుకోవాలి. ఫొటోషాప్‌లో, బ్రౌజర్‌లో నడిచే ఫొటోపియాలో వెలుగు స్థాయిలను మార్చే Curves లాంటివి అడ్జస్ట్‌మెంట్ లేయర్లుగా దొరుకుతాయి. గింప్‌లో 2025లో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్లను అసలు ఫొటో చెడకుండా పెట్టుకుని మళ్ళీ సవరించుకోవచ్చు. లేయర్లు ఎందుకంటే, ఆకాశం రంగు మార్చగానే ఇసుక చీకటి తప్పుగా అనిపిస్తుంది, దీపం పెట్టగానే గోడ నీలం సరిపోదు. ముందుకు వెనక్కి తిరుగుతూ చేసే పని ఇది.

లాడ్జి నీడలో ఉన్నా ఇసుక ఎండలో ఉంది. పడవల నీడలు, సరుగుడు చెట్ల నీడలు కెమెరా వైపు బారుగా సాగి ఉన్నాయి. సూర్యుడు 21 డిగ్రీల ఎత్తున ఉంటే నీడ పొడవు వస్తువు ఎత్తుకు రెండున్నర రెట్లు దాటుతుంది. వీటిని చెరపాలి. చాలామంది నీడలను వెలిగించి ఎండతో కలపాలని చూస్తారు. అది తలకిందుల పని. నీడను పైకి లాగితే నాయిస్, అంటే గరుకు చుక్కలు బయటపడతాయి, పైగా ఎలాగూ తర్వాత అంతా చీకటి చేయాల్సిందే. ఎండనే నీడ దగ్గరికి దించాలి.

నలుపు 0, తెలుపు 255 అనే కొలతలో ఐడ్రాపర్‌తో చూస్తే ఎండ పడిన ఇసుక 220 దగ్గర, పడవ నీడలోని ఇసుక 130 దగ్గర ఉందనుకుందాం. ఎండ పడిన భాగాన్ని వెలుగు ఆధారంగా సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్‌ను మాస్క్‌గా పెట్టి, అంటే మార్పు ఆ భాగానికే పరిమితమయ్యేలా, ఒక Curves లేయర్ వేసి, 220ను 130కి దించాలి. ఇది ఒకటిన్నర స్టాప్ కన్నా కాస్త ఎక్కువ. ఒక స్టాప్ దించడమంటే వెలుగును సగం చేయడం. ఇప్పుడు తీవ్రత కలిసింది, రంగు ఇంకా కలవలేదు. ఎండ ఇసుక పసుపుగా, నీడ ఇసుక నీలంగా కనిపిస్తూనే ఉంటుంది. అదే లేయర్‌లో ఎరుపు చానల్‌ను కొంచెం కిందికి, నీలం చానల్‌ను కొంచెం పైకి జరుపుతూ, రెండు చోట్లా ఐడ్రాపర్ అంకెలు దగ్గరయ్యేదాకా సరిచేయాలి. కంటిని ఇక్కడ నమ్మకపోవడమే మంచిది. కన్ను పక్క రంగును బట్టి తీర్పు మార్చేస్తుంది.

ఇంత చేశాక కూడా నీడల అంచుల్లో ఒక సన్నటి గీత మిగులుతుంది. మాస్క్‌ను రెండు మూడు పిక్సెల్‌లు మెత్తగా చేసి చూడాలి, పోకపోతే క్లోన్ చేయాలి. అంతకన్నా మొండిది ఇసుక మీది గరుకు. పక్క నుంచి పడే ఎండలో ఒక్కో అడుగుజాడకూ ఒక వెలుగు అంచు, ఒక నీడ అంచు ఉంటాయి. అన్నిటినీ చెరపలేం. ఫొటోషాప్‌లోని Camera Raw ఫిల్టర్‌లో Texture, Clarity స్లైడర్లను ఆ భాగానికి మాత్రం మైనస్‌లోకి జరిపితే చాలావరకు అణుగుతాయి. దగ్గర్లో పెద్దగా కనిపించే జాడలను చేత్తో తీసేయాల్సిందే. చెట్ల తలల మీద, పిట్టగోడ అంచున పడిన ఎండ మెరుపును మరిచిపోకూడదు. చిన్నదే అయినా, ఆకాశం చీకటి పడ్డాక అదే ముందు కనిపిస్తుంది.

ఈ దశ పూర్తయ్యేసరికి ఫొటో మబ్బు పట్టిన రోజు తీసినట్టు చప్పగా ఉండాలి. అలా ఉంటే పని సరిగ్గా నడుస్తున్నట్టే.

చీకటి ఎంత, నీలం ఎంత

తర్వాత నేల, లాడ్జి, చెట్లు అన్నిటికీ కలిపి ఇంకో Curves. తెలుపు చివరను 255 నుంచి 160 దగ్గరికి, మధ్య 128ని 75, 80ల మధ్యకి దించితే సుమారు ఒకటిన్నర స్టాప్ తగ్గినట్టు. నలుపు చివరను కదపకూడదు. చీకటి అనగానే నలుపును నొక్కేయడం ఇక్కడ జరిగే మామూలు తప్పు. నిజంగా సాయంకాలం తీసిన ఫొటోను తెరిచి చూస్తే చెట్ల మొదళ్ళలోనూ వివరం ఉంటుంది. ఆకాశమంతా వెలుగిస్తున్నప్పుడు కాంట్రాస్ట్ తగ్గుతుందే గానీ పెరగదు. ఎండలో నేల మీద పడే వెలుగు సుమారు లక్ష లక్స్ ఉంటే, పొద్దు గుంకే సమయానికి అది కొన్ని వందలకు పడిపోతుంది. కానీ కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఫొటోలోని సాయంకాలం మనకు గుర్తున్న సాయంకాలం కన్నా ఎప్పుడూ కాస్త వెలుతురుగానే ఉంటుంది.

నీలం కూడా ఇక్కడే కలపాలి. రా ఫైల్ ఉంటే అదే ఫొటోను వైట్ బ్యాలెన్స్ 5500కి బదులు 4000 దగ్గర పెట్టి ఇంకో కాపీ తీస్తే నీలం సహజంగా వస్తుంది. జేపెగ్ అయితే Curvesలో నీలం చానల్‌ను పైకి లాగాలి. కొలత కోసం లాడ్జి గోడను చూడొచ్చు. పగలు లేత పసుపుగా ఉన్న ఆ గోడలో చివరికి నీలం అంకె ఎరుపు కన్నా 20 దాకా ఎక్కువ ఉంటే చాలు. 50, 60 దాటితే పాత సినిమాల్లో నీలి ఫిల్టర్ పెట్టి పగలే తీసిన రాత్రి సీన్లలా ఉంటుంది.

సంజ ఆకాశం నడినెత్తిన అంత నీలంగా ఎందుకుంటుందో తెలిస్తే ఈ లెక్క ఇంకా అర్థమవుతుంది. పగటి నీలానికి గాలి అణువులు కాంతిని చెదరగొట్టడం కారణం. సూర్యుడు దిగంతం కిందికి పోయాక కాంతి వాతావరణంలో చాలా దూరం ప్రయాణిస్తుంది. ఆ దారిలో ఓజోన్ పొర పసుపు, నారింజ భాగాలను కొంత మింగేస్తుంది. 1953లో అమెరికా శాస్త్రవేత్త హల్బర్ట్ లెక్కలు కట్టి, ఆ నీలంలో పెద్ద వాటా ఓజోన్‌దేనని చూపించాడు. కాబట్టి సంజ నీలం పగటి నీలానికి చీకటి రూపం కాదు, కొంచెం వేరే నీలం. పగటి ఆకాశాన్ని ఊరికే చీకటి చేస్తే సరిపోకపోవడానికి కారణం ఇదే.

ఇంకో చిన్న సంగతి. మసక వెలుగులో కంటికి ఎరుపు త్వరగా నల్లబడుతుంది, ఆకుపచ్చ, నీలం ఇంకాసేపు నిలుస్తాయి. దీన్ని గమనించిన చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతోనే ఈ లక్షణాన్ని పిలుస్తారు. కెమెరాకు ఈ లక్షణం లేదు, చూసేవాళ్ళకు ఉంది. పడవ మీది ఎర్ర రంగు, వరండాలో ఆరేసిన ఎర్ర తువ్వాలు పగటంత గాఢంగా మండుతూ ఉంటే ఏదో తేడా కొడుతుంది. Hue/Saturationలో ఎరుపును మాత్రం కొంచెం తగ్గించి, కొంచెం నల్లబరిస్తే సరిపోతుంది.

ఆకాశం

ఈ ఫొటోలో పడమటి ఆకాశం పగలే తెల్లగా వెలిగి ఉంది. అది మేలే. దాని మీద కొత్త రంగుల లేయర్‌ను Multiply మోడ్‌లో వేస్తే తెలుపు మీద రంగు పూర్తిగా దిగుతుంది, నల్లగా ఉన్న సరుగుడు ఆకులు నల్లగానే ఉండిపోతాయి. సరుగుడు సూదుల మధ్య ఒక్కో సందునూ మాస్క్ చేసే నరకం తప్పుతుంది. వేరే ఆకాశాన్ని తెచ్చి అతికించేటప్పుడు చెట్ల అంచున తెల్లటి గీత మిగిలిపోయే సమస్య కూడా చాలావరకు ఉండదు. లాడ్జి గోడ అంచు దగ్గర మాత్రం మాస్క్ తప్పదు, అది తిన్నని గీత కాబట్టి కష్టం కాదు.

కొత్త రంగులు పై నుంచి కిందికి తిన్నగా దిగే గ్రేడియంట్ కాకూడదు. సూర్యుడు దిగిన చోటు, అంటే ఎడమ వైపు తోపు వెనక దిగంతానికి కొంచెం కింద, కేంద్రంగా పెట్టుకుని గుండ్రంగా విస్తరించే గ్రేడియంట్ వేయాలి. కేంద్రం దగ్గర ఎరుపు 240, ఆకుపచ్చ 160, నీలం 90 లాంటి నారింజ. దాని చుట్టూ వెలిసిన పసుపు. ఆ తర్వాత నారింజా నీలమూ నేరుగా కలవవు, మధ్యలో రంగు పేరు చెప్పలేని ఒక లేత మసక పట్టీ ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఆకాశం కంప్యూటర్ వాల్‌పేపర్‌లా కనిపిస్తుంది. పైన ఎరుపు 45, ఆకుపచ్చ 65, నీలం 110 దగ్గరి నీలం. లాడ్జి వెనక, కుడి వైపు వెళ్ళేసరికి నారింజ దాదాపు ఆగిపోవాలి.

మబ్బుల దగ్గర తొందరపడకూడదు. పగటి దూదిమబ్బులకు నెత్తి తెల్లగా, కడుపు బూడిదగా ఉంటుంది. పొద్దు గుంకాక వెలుగు కింది నుంచి తగులుతుంది కాబట్టి ఈ వరస తిరగబడుతుంది, మబ్బు కడుపే ఎర్రబడుతుంది. పగటి మబ్బుకు గులాబీ పూసి వదిలేస్తే నెత్తి మీద వెలుగు అలాగే ఉండిపోతుంది. ఈ ఫొటోలో ఉన్నవి పలచటి పొరమబ్బులే కాబట్టి గ్రేడియంట్‌తో నెట్టుకురావచ్చు. గుట్టల్లాంటి మబ్బులుంటే ఆకాశాన్ని మార్చడం తప్ప దారి లేదు.

ఆకాశం మారితే దాన్ని చూపించే ప్రతిదీ మారాలి. తడి ఇసుక ఇంకా పగటి తెలుపునే చూపిస్తోంది. ఆకాశపు లేయర్‌ను నిలువుగా తిప్పి, తడి ఇసుకకు మాత్రం మాస్క్ చేసి, అసలు ఆకాశం కన్నా కాస్త చీకటిగా, కాస్త మెత్తగా పెట్టాలి. చాలా మంచి పనితనం ఉన్న ఫొటోలు కూడా ఇక్కడే దొరికిపోతాయి. పై సగంలో సంజ, కింద నీటి మడుగులో మధ్యాహ్నం.

దీపాలు

పొద్దు గుంకిన పది పదిహేను నిమిషాలకు ఆకాశం వెలుగు, దీపం వెలుగు కొంచెంసేపు సమానంగా ఉంటాయి. ఈ అక్షాంశంలో సూర్యాస్తమయం నుంచి సివిల్ ట్విలైట్ ముగిసేదాకా, అంటే సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా, ఉండేదే 22, 24 నిమిషాలు. లాడ్జి ఫొటోకు కావలసింది ఆ మధ్య క్షణం. నిజం చెప్పాలంటే డిసెంబర్‌లో ఐదున్నరకు ఆ ఇసుకలో ట్రైపాడ్‌తో పావుగంట నిలబడగలిగితే ఈ వ్యాసంతో పని లేదు. కరెంటు ఉండి, లాడ్జివాళ్ళు అన్ని గదుల లైట్లు వేస్తే.

పగలు కిటికీలు గోడ కన్నా నల్లగా ఉంటాయి, అద్దాల్లో ఎదుటి ఆకాశం మెరుస్తుంది. దీపం వేశాక అవే ఫొటోలో అన్నిటికన్నా వెలుగైన చోట్లు. అలాగని ప్రతి కిటికీకీ ఒకే పసుపు నింపడం బొమ్మల ఇల్లు చేయడమే. గదిలో దీపం సాధారణంగా పైన ఉంటుంది, కాబట్టి కిటికీ పై భాగం ఎక్కువ వెలగాలి, కింది భాగం తక్కువ. కర్టెన్ మడతలు కనిపించాలి. రెండు మూడు గదులు చీకటిగా ఉండాలి, అన్ని గదుల్లోనూ ఒకేసారి మనుషులుండరు కదా. మన ఇళ్ళల్లో, లాడ్జీల్లో 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైట్లే ఎక్కువ. పాత బల్బు 2700 దగ్గర ఉంటుంది. కాబట్టి కొన్ని కిటికీలు వెచ్చగా, ఒకటి రెండు తెల్లగా పెడితే ఆ ఊరి లాడ్జిలా కనిపిస్తుంది. విదేశీ ట్యుటోరియల్స్ చూసి అన్నీ బంగారు రంగులో నింపితే అది ఏ ఊరిదీ కాదు.

అసలు మెలకువ వరండాలో ఉంది. దీపం కింద గోడ, నేల, స్తంభం వెలగాలి. బ్రష్‌తో పసుపు రంగు పూస్తే గోడ గరుకు, గచ్చు గీతలు దాని కింద కప్పుకుపోతాయి. రంగు పూయొద్దు, పగటి ఫొటోనే వెనక్కి తేవాలి. చీకటి చేసిన లేయర్ల మాస్క్‌లో దీపం చుట్టూ మెత్తటి బ్రష్‌తో చెరిపితే అసలు వెలుగు, అసలు గరుకుతో సహా బయటికి వస్తుంది. దాని మీద ఎరుపు పెంచి నీలం తగ్గించిన ఒక Curves లేయర్‌ను అదే ఆకారంలో మాస్క్ చేస్తే అది దీపం వెలుగవుతుంది. లాడ్జి ముఖం పగలు నీడలో ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఎండ గీతలు ఉండి ఉంటే దీపం వెలుగులోకి అవి కూడా తిరిగి వచ్చేవి.

దీపం వెలుగు దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది. బల్బుకు అడుగు దూరంలో గోడ మండిపోతూ ఉంటే నాలుగడుగుల దూరంలో అందులో పదహారో వంతు ఉండాలి. చాలామంది వేసే వెలుగు మచ్చ వరండా అంతా ఒకే స్థాయిలో పరుచుకుని ఉంటుంది, అది దీపంలా కాక గోడకు వేసిన రంగులా కనిపిస్తుంది. దీపం స్తంభం వెనక ఉంటే స్తంభం నీడ బయటికి, ఇసుక వైపు పడాలి. దీన్ని పగటి ఫొటో నుంచి తేలేం, చేత్తో గీయాలి. అంత ఓపిక లేకపోతే వెలుగు మేరను వరండా లోపలికే పరిమితం చేయడం మంచిది. ఇసుక మీదికి వెలుగు పారించి దానికి నీడలు వేయకపోవడం కన్నా అది ఎంతో నయం.

పని ఎక్కడ చెడిందో కనిపెట్టడానికి ఫొటోను కాసేపు బ్లాక్ అండ్ వైట్ చేసి చూడాలి. ఒక వరస కనిపించాలి: దీపాలు, ఆ తర్వాత దిగంతం, ఆ తర్వాత పై ఆకాశం, చివరికి నేల, గోడలు, చెట్లు. పగటి ఫొటోలో తెల్ల గోడ, పొడి ఇసుక ఆకాశంతో పోటీ పడతాయి. సంజలో దీపం పడని ఏ గోడా దిగంతం కన్నా వెలుగ్గా ఉండదు. ఈ వరస తప్పినచోటే సాధారణంగా కన్ను కూడా తడబడుతుంది. రంగు గురించిన వాదనలు దీని తర్వాత పెట్టుకోవచ్చు. అదే చోట, అదే వైపు నిజంగా సాయంకాలం ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి సంపాదించి పక్కన పెట్టుకుంటే ఇంకా తేలిక. అది బాగుండాల్సిన పని లేదు, దిక్కూ వరసా చూపిస్తే చాలు. అన్నట్టు, ఇదంతా ప్రకటనలకూ ఆల్బమ్‌లకే. వార్తగా ఇచ్చే ఫొటోలో సమయాన్ని మార్చడం చెల్లదు. గది అద్దెకు తీసుకునేవాళ్ళకు చూపే ఫొటోలో కూడా లేని దీపాలు పెట్టకూడదు. ఉన్న దీపాలను వెలిగించడం వరకే మర్యాద.

ఫైల్ బయటికి పంపేటప్పుడు మిగిలేది ఆకాశం సమస్య. మెత్తగా రంగు మారే గ్రేడియంట్ 8 బిట్ జేపెగ్‌లోకి వెళ్ళగానే మెట్లు మెట్లుగా చీలుతుంది, వాట్సాప్‌లో పంపితే ఇంకా చిన్నదై మెట్లు మరింత కనిపిస్తాయి. ఆకాశపు లేయర్ మీద ఒకటి రెండు శాతం Add Noise వేసి 16 బిట్ నుంచి చివర్లో మాత్రమే 8 బిట్‌కు దించితే చాలావరకు అణుగుతుంది. ఆ నాయిస్ నేల మీది సహజమైన నాయిస్‌తో కూడా కలిసిపోతుంది. ఆల్బమ్‌కు ప్రింట్ వేయించాలంటే ఇంకో సంగతి: స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. చీకటి ఫొటోలు కాగితం మీద మరింత చీకటిగా వస్తాయి. నేల, చెట్ల భాగాన్ని మూడో వంతు నుంచి అర స్టాప్ దాకా పైకి తెచ్చి, మొదట ఒక చిన్న సైజు ప్రింట్ తీయించి చూసుకున్నాకే పెద్దది ఇవ్వాలి.